బస్సు పాసుకో లెక్క, రైలు పాసుకో లెక్క

రోజూ ఊరు దాటి ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళుంటే ప్రతి ఇంట్లో నెల మొదట్లో ఒక మాట వస్తుంది. "పాస్ తీసుకుంటే మిగులుతుంది కదా?" మిగులుతుంది, కానీ ఏ పాసులో, ఎన్ని రోజులు తిరిగితే? ఈ లెక్క వేయకుండా పాస్ కొనడం నాకు ఇష్టం లేదు. నేను చదివింది బి.ఏ. తెలుగే అయినా, ఇంటి ఖర్చు చూసేవాళ్ళకు ఈపాటి గుణకారం వస్తుంది.

మా చిరాగ్‌పల్లి జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దులో ఉంటుంది. మావారు జహీరాబాద్ వెళ్ళి అక్కణ్ణుంచి ఆర్టీసీ బస్సులో సంగారెడ్డి ఆఫీసుకు వెళతారు. పెద్దబ్బాయి లింగంపల్లిలో గది తీసుకుని ఎంఎంటీఎస్‌లో సికింద్రాబాద్ వైపు ఉద్యోగానికి వెళతాడు. ఇద్దరివీ నెల పాసులే, పేరూ ఒకటే. లెక్క మాత్రం పూర్తిగా వేరు.

ఆర్టీసీ నెల పాసు పద్ధతి ఇది: 20 రోజుల రానుపోను ఛార్జీ కడితే 30 రోజులు తిరగవచ్చు. లెక్క సులువు కోసం ఒక వైపు ఛార్జీ నూరు రూపాయలనుకుందాం. రోజుకు రెండు వందలు, పాసుకు నాలుగు వేలు. ఆదివారాలు నాలుగు పోగా 26 రోజులు వెళితే విడి టికెట్లకు 5,200 అయ్యేది, అంటే పన్నెండు వందలు మిగిలినట్టు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. మరి దసరా నెల సంగతో? ముప్ఫై రోజుల్లో ఆదివారాలు ఐదు పడ్డాయి, పండక్కి మూడు రోజులు, బీదర్‌లో ఆడపడుచు ఇంట్లో పెళ్ళికి ఇంకో మూడు రోజులు పోయాయి. మిగిలింది 19 రోజులు. విడిగా అయితే 3,800. పాస్ తీసుకుంటే రెండు వందలు చేతినుంచి పోయినట్టే.

అందుకే నేను క్యాలెండరు ముందు పెట్టుకుని రోజులు లెక్కపెడతాను. ఇరవై దాటకపోతే పాస్ వద్దు. ఇరవై రెండు దాటితేనే తీసుకోమంటాను, ఎందుకంటే ఒకట్రెండు రోజులు జ్వరమో చుట్టాలో రాకమానరు. ఇంకో సంగతి, పాసుకు ఒకటో తారీఖుతో పనిలేదు. మొదలుపెట్టిన రోజునుంచి ముప్ఫై రోజులు. కాబట్టి పండగ ముందు పాస్ అయిపోతే వెంటనే మళ్ళీ కొనకుండా, పండగ అయ్యాక ఆఫీసుకు వెళ్ళే మొదటి రోజున మొదలుపెట్టాలి. మధ్యలో రెండు మూడు రోజులుంటే విడి టికెట్లు కొనుక్కోవచ్చు. మావారికి ఇది పిసినారితనంలా కనిపిస్తుంది, కనిపించనీయండి.

నాలుగు వేలూ ఒకేసారి కట్టాలన్నది ఇంకో చిక్కు. అబ్బాయి గది అద్దె, చిన్నదాని ఫీజు, పాలవాడి బాకీ అన్నీ అదే వారంలో వస్తాయి. పాసులో మిగిలేది రెండు మూడు వందలే అయితే, ఆ నెలకు రోజుకు రెండు వందలు జేబులో పెట్టి పంపడమే నాకు నయం.

రైలు దగ్గర ఇంత ఆలోచన అక్కర్లేదు. రైల్వే నెల సీజన్ టికెట్ ధర సుమారు పదిహేను విడి ప్రయాణాల ఛార్జీ మీద కట్టింది. రూపాయలు గుండ్రంగా చేయడంలో కాస్త అటూ ఇటూ అవుతుంది. వెళ్ళడం రావడం కలిపితే ఎనిమిది రోజులకే డబ్బు తిరిగొచ్చేసినట్టు. 2014 జూన్‌లో ఈ పదిహేనును ముప్ఫై చేస్తామని రైల్వే ప్రకటిస్తే, జనం గగ్గోలు పెట్టాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. ముప్ఫై అయి ఉంటే అక్కడా మా బస్సు పాసులాగే రోజులు లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. కాబట్టి వారానికి మూడు రోజులే ఆఫీసుకు రమ్మనే ఉద్యోగమైనా, ఎంఎంటీఎస్‌కు పాసే తీసుకోమంటాను.

అయితే పాస్ ఒక్క మనిషిది. తమ్ముడు వచ్చాడని ఒక రోజు వాడికి ఇవ్వకూడదు, రిజర్వేషన్ బోగీలో కూర్చోకూడదు. పాస్ ఇంట్లో చొక్కా జేబులో మరిచిపోయి రైలెక్కితే టికెట్ లేనివాడి కిందే లెక్క. ఛార్జీ కాక కనీసం 250 రూపాయల జరిమానా. ఆ ఒక్కసారితో ఆ నెల మిగులంతా పోతుంది.

మా ఆడవాళ్ళకైతే ఈ గొడవే లేదు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్. అది రాష్ట్రం ఎల్లల వరకే. మా ఊరు దాటి బీదర్ వైపు వెళ్ళాలంటే అక్కణ్ణుంచి డబ్బులే.

మూడు నెలల రైలు పాస్ తీసుకోనా అని అబ్బాయి అడుగుతున్నాడు. దాని ధర నెల పాసుకు 2.7 రెట్లు, అంటే మూడు విడివిడిగా కొన్నదానికన్నా పదో వంతు తక్కువ. కానీ వాడి ఆఫీసు గచ్చిబౌలికి మారుస్తారన్న మాట వినిపిస్తోంది. అది తేలేవరకు నెలదే తీసుకోమని చెప్పాను.