అడక్కుండా పళ్లు సరిచేయొద్దు

ఫోటోలో వంకర పళ్లు సరిచేయడం తప్పని నేననను. అతి చేయడమే తప్పు. ఫోటోషాప్‌లో లిక్విఫై తీసుకొని, పెదవి కదలకుండా ఫ్రీజ్ మాస్క్ పూసి, చిన్న బ్రష్‌తో పంటి అంచు కొద్దిగా జరిపితే చాలు. సందుంటే సగమే తగ్గించాలి.

బళ్లారిలో మా అక్క పెళ్లి ఫోటోలో ముందుపళ్ల సందు పూర్తిగా మూసేశారు. ఆ రెండు పళ్లూ సాగి పలకల్లా అయ్యాయి. పళ్ల మధ్య నీడగీతలూ చెరిగి, నోట్లో తెల్లపట్టీ అతికించినట్టుంది. మా అవ్వ "ఇదెవరే?" అంది.

స్క్రీన్‌పై పెద్దది చేసి దిద్దేవాళ్లకు ఈ తేడా తెలీదు. ప్రింటు సైజుకు తగ్గించి, అసలు ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అప్పటికీ దిద్దాలో వద్దో చెప్పాల్సింది ఆ నవ్వు ఎవరిదో వాళ్లే. స్టూడియోవాళ్లు ముందు అడగాలి!