నెట్ రాకపోతే ఫార్మాటేనా?

మొన్న నాదెండ్ల నుంచి మా బావ ఫోను. యాంటీవైరస్ అప్‌డేట్ అయిన దగ్గర్నుంచీ కంప్యూటర్లో నెట్ రావట్లేదట. రిపేరు షాపతను ఫార్మాట్ కొట్టేద్దామన్నాడట. నాకు ఒళ్ళు మండింది.

"బావా, అదే వైఫైలో నీ ఫోనుకి నెట్ వస్తోందా?"

వస్తోంది. అంటే లైను బాగానే ఉంది. కంప్యూటర్లో రౌటర్‌కి ping కొట్టించాను.

```
ping 192.168.1.1
```

General failure అంది. ప్యాకెట్ గడప దాటకముందే ఆగిపోతోందన్నమాట. అనుమానం ఫైర్‌వాల్ మీదే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫైర్‌వాల్ ఆపి చూస్తారు, అయినా నెట్ రాకపోతే దాని తప్పేం లేదని తీర్పిచ్చేస్తారు. అయ్యా, పైన స్విచ్ ఆపినా లోపల దాని ఫిల్టర్ డ్రైవర్ కూర్చునే ఉండొచ్చు! అందుకే Safe Mode with Networking లోకి వెళ్ళమన్నాను. మామూలుగా ఆ డ్రైవర్ అందులో లోడవదు. అక్కడ వైఫై మొరాయిస్తుందని రౌటర్ నుంచి కేబుల్ పెట్టించాను. నెట్ వచ్చింది. ఒక్క సైటు చూసి బయటికి రమ్మన్నాను, అక్కడ కాపలా ఉండదు మరి.

తర్వాత ఆ కంపెనీ తొలగింపు టూల్ ఫోన్లో దించి, దాంతో తీయించాను. రీస్టార్ట్ చేశాక విండోస్ సొంత ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూడమన్నాను. ఉంది, నెట్టూ వచ్చింది. కొత్త వెర్షన్ మళ్ళీ వేయించాను.

2008 జులైలో KB951748 వేసుకున్న జోన్‌అలారం వాడుకరులకి ఇలాగే నెట్ పోయింది. చాలామంది ఆ ప్యాచ్‌నే పీకేశారు. డాన్ కామిన్‌స్కీ కనిపెట్టిన డీఎన్‌ఎస్ కన్నాన్ని పూడ్చింది ఆ ప్యాచే!