వారం ప్లానర్ పేజీని మన రోజును చూసి గీసుకోవాలి



నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ మన గ్రూపుల్లో వారం ప్లానర్ పీడీఎఫ్ ఒకటి తిరుగుతుంది. ఎడమవైపు ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా గంటకో గడి. పైన ఏడు రోజులు. కింద అలవాట్ల పట్టీ, అందులో ఎనిమిది గ్లాసుల నీళ్లు, ధ్యానం, వాకింగ్. మూలన పూల బొమ్మ. ప్రింట్ తీస్తాం, రెండు రోజులు శ్రద్ధగా నింపుతాం, గురువారానికి వదిలేస్తాం. ఆ తర్వాత మనకు మనమే ఒక తీర్పు చెప్పుకుంటాం: "నాకు క్రమశిక్షణ లేదు." ఈ మాట అనుకుని ప్రిపరేషనే ఆపేసిన తమ్ముళ్లు మాకు తెలుసు. మేం చెప్పేది ఏంటంటే, తీర్పు చెప్పాల్సింది ముందు ఆ పేజీ మీద. అది వేరే ఎవరి రోజుకో గీసింది.

గంటల గడులతోనే మొదలుపెడదాం. పోస్ట్ మెట్రిక్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ, పక్కన గ్రూప్స్‌కి చదువుకునే ఒక చెల్లి రోజు తీసుకోండి. ఐదింటికి లేస్తుంది. ఏడు దాకా చదువు. ఏడు నుంచి తొమ్మిది దాకా బాత్రూం దగ్గర లైను, టిఫిన్, కాలేజీకి నడక. నాలుగింటిదాకా కాలేజీ. ఆరు దాకా బట్టలు, ఇంటికి ఫోను, కాసేపు ఆట. ఆరు నుంచి ఎనిమిది మళ్లీ చదువు, తర్వాత భోజనం, తొమ్మిది నుంచి పది ఇంకొంచెం. అంటే తన చేతిలో ఉన్న టైం రోజుకి ఐదు గంటలు. గంటకో గడి ఉన్న పేజీలో ఐదు నుంచి పది దాకా పదిహేడు గడులు వస్తాయి. అందులో పన్నెండు గడులు తను ఏమీ మార్చలేని గంటలు. అవన్నీ ఖాళీగా కనబడతాయి, లేదా "కాలేజీ, కాలేజీ, కాలేజీ" అని ఏడుసార్లు రాయాలి. అసలు పని జరిగే ఐదు గంటలకేమో ఐదే ఇరుకు గడులు.

అందుకే గడులు గంటల్ని సమానంగా పంచకూడదు. చదివే టైంకి ఎక్కువ గడులు, మన చేతిలో లేని టైంకి తక్కువ గడులు ఇవ్వాలి. ఆ చెల్లి పేజీ ఇలా వస్తుంది: 5 నుంచి 7 దాకా అరగంటకొకటి చొప్పున నాలుగు గడులు. 7 నుంచి 9 ఒకటే గడి. కాలేజీ ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి. 4 నుంచి 6 ఒకటి. 6 నుంచి 8 మళ్లీ అరగంటకొకటి, నాలుగు. భోజనం ఒకటి. 9 నుంచి 10 ఒకటి. మొత్తం పద్నాలుగు. పదిహేడు కంటే మూడు తగ్గాయి, కానీ చదువుకి రాసుకునే చోటు ఐదు గడుల నుంచి తొమ్మిదికి పెరిగింది.

ఊళ్లో ఉండి డీఎస్సీకి చదివే అక్క పేజీ మళ్లీ వేరు. పొలం పని రోజుల్లో పగలంతా ఒక్క గడి చాలు. సంత రోజైతే ఆ నిలువు వరుస మీద ముందే ఒక అడ్డగీత కొట్టేయాలి, ఆ రోజు చదువు పెట్టుకోకూడదు. సోమవారంతోనే వారం మొదలవ్వాలని కూడా ఎక్కడా లేదు. సంత మర్నాడు తీరిగ్గా కూర్చుని ప్లాన్ రాసుకునేవాళ్లు ఆ రోజునే మొదటి వరుసలో పెట్టుకోవచ్చు.

రెండో విషయం గడి ఎత్తు. దీన్ని ఎవరూ పట్టించుకోరు కానీ మా లెక్కలో ఇదే పెద్దది. దొరికే ప్లానర్లు చాలావరకు ఇంగ్లిష్ రాతకి గీసినవి. తెలుగు అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, ఒక్కోసారి రెండు ఒత్తులు. 7 మి.మీ. గడిలో "రాష్ట్రపతి" అని రాస్తే ఒత్తులు కింది గడిలోకి దిగిపోతాయి. ఒక తెల్లకాగితం మీద మీ మామూలు రాతలో "రాష్ట్రపతి" అని ఒకదాని కింద ఒకటి ఐదుసార్లు రాయండి. ఒకదానికొకటి తగలకుండా రాయాలి. మొదటి మాట నుంచి ఐదో మాట దాకా స్కేలుతో కొలిచి నాలుగుతో భాగిస్తే మీకు కావాల్సిన గడి ఎత్తు వస్తుంది. మాలో ఎక్కువమందికి 9 మి.మీ. దగ్గర తేలింది.

పైగా ఆ పీడీఎఫ్‌లు చాలా అమెరికా లెటర్ సైజులో ఉంటాయి, 216 బై 279 మి.మీ. మన దగ్గర దొరికేది ఏ4, 210 బై 297. అడ్డంగా ఉన్న లెటర్ పేజీని ప్రింటర్ ఏ4లో పట్టించాలంటే కుదించాల్సిందే. అంచుల్లో వదిలే ఖాళీ కూడా కలిస్తే 7 మి.మీ. గడి ఆరున్నర దాకా పడిపోతుంది. అప్పుడు గడిలో "పా-2", "క-3" లాంటి గుర్తులే పడతాయి. బుధవారం రాసిన "క-3" ఏంటో శనివారానికి మనకే గుర్తుండదు.

సరే, మన పేజీ లెక్క చూద్దాం. ఏ4 అడ్డంగా పెడితే 297 వెడల్పు, 210 ఎత్తు. దారం కట్టడానికి ఎడమవైపు 15 మి.మీ., మిగతా మూడు వైపులా 10 వదలాలి. ఇంట్లో వాడే ప్రింటర్లు చాలావరకు అంచు దాకా ముద్రించలేవు కాబట్టి 10 ఉంటే గీత తెగదు. మిగిలింది 272 బై 190.

వెడల్పులో టైం రాసే పట్టీకి 20, ఏడు రోజులకి ఒక్కోదానికి 28 చొప్పున 196, చిన్న సందు 4, కుడివైపు నోట్స్‌కి 50. మొత్తం 270. ఎత్తులో పైన తేదీలకి 10, రోజుల పేర్లకి 8, పద్నాలుగు టైం గడులకి 9 చొప్పున 126, సందు 4, అలవాట్లకి నాలుగు వరుసలు 8 చొప్పున 32, అట్టడుగున ఆ రోజు చదివిన మొత్తం గంటలు రాయడానికి 8. మొత్తం 188. రెండు వైపులా 2 మి.మీ. కావాలనే మిగిల్చాం. అంచుకి సరిగ్గా సరిపెడితే ఎక్కడో చిన్న తేడా వచ్చి చివరి వరుస రెండో కాగితం మీదకి పోతుంది. పదిహేడు గడులే కావాలంటే ఇదే 126లో ఒక్కోటి ఏడున్నర కూడా రాదు, మీరే చూసుకోండి.

అలవాట్ల పట్టీని విడిగా మూలన పెట్టొద్దని మా మాట. అవే రోజుల వరుసల కిందే పెడితే టైం గడి నింపుతున్నప్పుడే కన్ను కిందికి పోతుంది. గడి వెడల్పు 28 ఉంది కాబట్టి టిక్కు బదులు అంకె రాయొచ్చు. "పేపర్ చదవడం" అనే వరుసలో టిక్కు ఉంటే ఐదు నిమిషాలు తిరగేశామా, అరగంట చదివామా తెలియదు. 25 అని ఉంటే తెలుస్తుంది.

నాలుగు వరుసలు దాటనివ్వకండి. ఇంకో సంగతి, ఖాళీ గడికి రెండు అర్థాలుంటాయి. మనం చేయకపోవడం ఒకటి, చేసే వీలే లేకపోవడం ఒకటి. కరెంటు పోయింది, ఇంట్లో పండగ, చెల్లికి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఇవన్నీ రెండోవి. చేయకపోతే సున్నా, వీలు కాకపోతే అడ్డగీత. నెల రోజుల పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. సున్నాలు ఎక్కువుంటే మన సంగతి మనం చూసుకోవాలి. ఒకే వరుసలో అడ్డగీతలు ఎక్కువుంటే ఆ పని పెట్టుకున్న టైమే తప్పు, దాన్ని జరపాలి. సాయంత్రం కరెంటు నిలవని ఊళ్లో ఆరింటి చదువుని తెల్లవారుజాముకి మార్చుకోవడం లాంటిదన్నమాట.

సికిల్ సెల్ ఉన్నవాళ్లకి, లేదా రోజూ మాత్ర వేసుకోవాల్సిన ఎవరికైనా, ఈ పట్టీలో ఒక వరుస నిజంగా పనికొస్తుంది. కానీ హాస్టల్ గోడకి అంటించే పేజీ మీద జబ్బు పేరూ, మందు పేరూ రాయకండి. ఒక చుక్కో, మీకు తెలిసిన గుర్తో చాలు. మీ విషయం గదిలో అందరూ చదవాల్సిన పని లేదు.

నోట్స్ చోటు మీద మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కొందరు గీతలు కావాలంటారు. లెక్కలూ, మ్యాపులూ గీసేవాళ్లు ఖాళీగా వదలమంటారు. పై సగం గీతలతో "ఈ వారం మిగిలిపోయినవి", కింది సగం ఖాళీ, ఇలా రాజీ పడ్డాం. మిగిలినవి రాసే చోటు తప్పనిసరి. లేకపోతే మంగళవారం వదిలేసిన పాఠం ఎక్కడా కనిపించకుండా పోతుంది.

ఇక ముద్రణ. లిబ్రేఆఫీస్ కాల్క్ ఉచితం, ఈ పనికి సరిపోతుంది. Format > Page Style లో ఏ4, Landscape, పైన చెప్పిన మార్జిన్లు పెట్టండి. అక్కడే Header, Footer అని రెండు ట్యాబ్‌లుంటాయి, మామూలుగా అవి ఆన్‌లో ఉంటాయి. రెండూ తీసేయండి, లేకపోతే ఎత్తు అవి తినేసి పేజీ రెండు కాగితాలవుతుంది. గడి ఎత్తు Format > Rows > Height లో, వెడల్పు Format > Columns > Width లో ఇవ్వాలి. స్క్రీన్ మీద కనిపించే సన్న గీతలు ముద్రణలో రావు కాబట్టి బోర్డర్ విడిగా వేసుకోవాలి. గీత సన్నగా ఉండనివ్వండి కానీ రంగు మాత్రం నలుపే. లేత బూడిద రంగు ప్రింట్‌లో చుక్కలు చుక్కలుగా వస్తుంది, దాన్ని జిరాక్స్ తీస్తే కొన్నిచోట్ల మాయమైపోతుంది. హెడ్డింగుల వెనక రంగు పట్టీలు వద్దే వద్దు, ఇంకు దండగ.

File > Export As > Export as PDF తో పీడీఎఫ్ చేసుకున్నాకే ప్రింట్ ఇవ్వండి. అసలు ఫైల్‌ని వేరే కంప్యూటర్లో తెరిస్తే, అందులో మన తెలుగు ఫాంట్ లేకపోతే, అక్షరాల కొలతలు మారి ఒత్తులు తెగొచ్చు. ప్రింట్ ఇచ్చేటప్పుడు Fit కాకుండా Actual size ఎంచుకోవాలి. వచ్చిన కాగితం మీద పద్నాలుగు టైం గడుల్ని స్కేలుతో కొలవండి, 126 మి.మీ. రావాలి. 120 దగ్గర వస్తే ప్రింటర్ ఎక్కడో కుదించింది, సెట్టింగ్ మళ్లీ చూడాలి.

తేదీలు టైపు చేయకండి, ఖాళీగా వదిలితే ఒకే కాపీ ఏడాదంతా నడుస్తుంది. మనలో ప్రింటర్ ఉన్న ఇళ్లు తక్కువ. ఉన్నవాళ్లు ఒక మంచి కాపీ తీసిస్తే హాస్టల్లో మిగతావాళ్లు దాన్నే జిరాక్స్ తీసుకోవచ్చు. ఆ మొదటి కాపీ మీద మాత్రం ఎవరూ రాయకుండా పాత అట్ట మధ్యలో పెట్టి దాచండి. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తూ పోతే మూడు నాలుగు చేతులు మారేసరికి గీతలు వంకర తిరుగుతాయి. రెండో వైపు ముద్రించొద్దు, లెక్కలు చేసుకోవడానికి వదిలేయండి.

పద్నాలుగు గడుల మీద మాకు పట్టుదల లేదు. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి తమ్ముళ్లకి స్టడీ అవర్లు వేరు, కోచింగ్‌కి వెళ్లేవాళ్ల టైం వేరు. ముందు ఒక వారం పాటు ఏ పేజీ లేకుండా, పడుకునే ముందు ఆ రోజు నిజంగా ఎప్పుడెప్పుడు చదివారో నోట్‌బుక్ వెనక రాసిపెట్టుకోండి. గడులు ఎక్కడ చీల్చాలో, ఎక్కడ కలపాలో ఆ ఏడు రోజుల రాతలోంచే తీసుకోండి.