అవ్వ కథలోనే డీజిలు లెక్క

కంటి శిబిరాలు నడిపే సంస్థలు దాతలకు పెట్టే వార్షిక సభల్లో కట్టు విప్పగానే మనవణ్ని గుర్తుపట్టిన అవ్వ వీడియో ముందుంటుంది. ఖర్చుల పట్టిక భోజనాల వేళకు అర నిమిషం మెరిసి పోతుంది. రెంటికీ చెరి పది నిమిషాలిచ్చినా లాభం లేదంటాను, ఖర్చు కథలోకే రావాలి. అవ్వకు వేసిన లెన్సు ధర పక్కనే వ్యాను డీజిలు, ‘ఈ వయసులో నాకెందుకు నాయనా’ అన్నావిడను ఒప్పించడానికి ఇంటిచుట్టూ తిరిగిన కార్యకర్త జీతం చూపండి. దాతలకు కిట్టనిదీ, అందుకే సంస్థలు ‘ఇతరములు’లో దాచేదీ ఆ జీతమే. విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చును 2020 సవరణతో 20 శాతానికి కుదించిన చట్టం కూడా ఆసుపత్రి డాక్టర్ల జీతాన్ని ఆ పద్దులో కలపదు, మనకెందుకీ బెరుకు? ఆపరేషనయ్యాక కూడా చూపు సరిగా రానివాళ్లెందరో అదే తెర మీద వేయాలి. లేకపోతే ఈ అవ్వను ఏరి తెచ్చారో, అందరికీ ఇలాగే జరిగిందో దాతకెలా తెలుస్తుంది?