‘అర’ చెంచా ‘ఆరు’ అయితే?

ఇటీవల విరేచనాల గురించి నలభై సెకన్ల షార్ట్ వీడియో ఒకటి చేశాను. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరకని చోట ఇంట్లో ద్రావణం చేసుకునే విధానం అందులో చెప్పాను. లీటరు శుభ్రమైన నీటిలో, చదును చేసిన టీస్పూనుతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. సబ్‌టైటిళ్లను యాప్ తనంతట తానే వ్రాసింది. ప్రచురించే ముందు ధ్వని ఆపి చదివితే, ‘ఆరు చెంచాల చక్కెర, ఆరు చెంచాల ఉప్పు’ అని కనిపించింది.

ఆరు చెంచాల ఉప్పు అంటే సుమారు 30 గ్రాములకు పైమాటే. సముద్రపు నీటిలో లీటరుకు ఉండేది దాదాపు 35 గ్రాములు. అటువంటి ద్రావణం త్రాగిన పసిబిడ్డకు రక్తంలో సోడియం పెరిగి, ఫిట్స్ వచ్చి, ప్రాణాపాయం కలుగవచ్చు. బస్సులో ధ్వని లేకుండా చూసే తల్లికి నా గొంతు వినిపించదు. ఆ అక్షరాలే ఆమెకు వైద్యుని మాట.

మరి రెండు తప్పులూ దొరికాయి. ‘ఓఆర్ఎస్’ అన్నది ‘వారసు’ అయింది. తెలుగు మధ్యలో వచ్చిన ఆంగ్ల అక్షరాలను యంత్రం తనకు తెలిసిన దగ్గరి తెలుగు మాటగా మార్చుకుంటుంది. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ‘ఫోర్టీన్ డేస్’ అన్నాను. అది ‘40 రోజులు’ అయింది. ‘వారసు’ వంటి తప్పును చదువరి పట్టుకోగలడు. 40 రోజులు అన్నది సవ్యమైన వాక్యమే కనుక ఎవరికీ అనుమానం రాదు. అందుకే అంకెల తప్పు అన్నిటికంటె ప్రమాదకరం.

నేను అనుసరిస్తున్న పద్ధతి ఇది. చిత్రీకరణకు ముందే మందుల పేర్లు, మోతాదులు, రోజులు ఒక కాగితంపై వ్రాసుకుంటాను. ‘అర’ అనక ‘సగం’ అంటాను. ‘ఫోర్టీన్’ అనక ‘పద్నాలుగు’ అంటాను. సబ్‌టైటిళ్లు వచ్చాక మొదట ధ్వని లేకుండా చదివి, ప్రతి అంకెను కాగితంతో సరిచూస్తాను. తరువాత ధ్వనితో వింటాను. అంకె ఒక తెరపై, ‘చెంచా’ మరో తెరపై విడిపోతే రెంటినీ ఒకే వరుసకు తెస్తాను. చివరగా, విషయం తెలియని ఇంటివారిలో ఒకరిచేత చదివించి, ఏమి అర్థమైందో చెప్పమంటాను.

ఇదంతా ప్రచురణకు ముందే జరగాలి. వీడియోలో ముద్రించిన అక్షరాలను తరువాత దిద్దలేము. తొలగించి మళ్లీ పెట్టవలసిందే. ఈలోగా వాట్సాప్‌లో చేరిన ప్రతి మన చేతికి తిరిగి రాదు.

నా అభిప్రాయం స్పష్టం: సరిచూడని సబ్‌టైటిల్ కంటె సబ్‌టైటిల్ లేకపోవడమే మేలు. మందుల చీటీలో కాంపౌండరు వ్రాసినా, క్రింద సంతకం చేసిన వైద్యునిదే బాధ్యత. ఇక్కడ వ్రాసింది యంత్రమైనా, తెరపై కనబడే ముఖం మనది.