పన్నెండు ఎందుకు పడదు?

మా తమ్ముళ్ల కోసం నేనే ఒక బోర్డ్ గేమ్ తయారు చేశాను. రెండు పాచికలు వేసి, రెండూ కూడి, పట్టికలో ఆ అంకె ఎదురుగా ఏముందో చూడాలి. 2 నుంచి 12 దాకా పదకొండు వరసలు. నిధి 12 దగ్గర పెట్టాను. పదకొండు పందేలకి ఒకసారైనా వస్తుందిలే అనుకున్నాను. రెండు సాయంత్రాలు ఆడాం, నిధి రాలేదు. "అక్కా, నీ గేమ్ మోసం" అన్నాడు చిన్నవాడు. వాడు అన్నది నిజమే.

ఒక పాచిక ఎరుపు, ఒకటి తెలుపు అనుకోండి. ఎరుపు ఆరు రకాలుగా పడచ్చు. వాటిలో ప్రతిదానికీ తెలుపు ఆరు రకాలుగా పడచ్చు. మొత్తం 36. అందులో 12 కి ఒకటే దారి: 6, 6. కానీ 7 కి ఆరు దారులు: 1-6, 2-5, 3-4, 4-3, 5-2, 6-1. నా నిధి పదకొండులో ఒకటి కాదు, ముప్పై ఆరులో ఒకటి.

పన్నెండు ముఖాల పాచిక ఒకటి కొనుక్కోమని ఒక ఫ్రెండ్ చెప్పాడు. నేను ఒప్పుకోను. మధ్యలో ఉన్న ఆ గుట్టని వాడుకోవాలి కానీ చదును చేయకూడదు. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ చూడండి. అందులో 10 లేదా ఎక్కువ వస్తే గెలుపు. 7 నుంచి 9 అయితే గెలుస్తారు, కానీ ఏదో ఒక చిక్కు వస్తుంది. 6 లేదా తక్కువ అయితే ఓటమి. దారులు లెక్కపెడితే 6, 15, 15. మీ పాత్రకి +2 ఉంటే అవి 15, 15, 6 అవుతాయి. గెలుపు, ఓటమి చోట్లు మార్చుకున్నాయి, చిక్కు మాత్రం కదల్లేదు. కథ నడిచేది ఆ చిక్కుతోనే కదా!

కూడకుండా, ఎన్ని "పడ్డాయో" లెక్కపెట్టే ఆటల్లోనూ ఇదే గుట్ట ఉంటుంది. మా అమ్మమ్మ ఆడే అష్టాచెమ్మా అలాంటిదే. నాలుగు గవ్వలు వేసి, వెల్లకిలా పడ్డవి ఎన్నో చూస్తారు. (వెల్లకిలా అంటే నోరు పైకి, బోర్లా అంటే నోరు కిందకి. నాకు ఈ రెండు మాటలూ ఈ ఆట వల్లే వచ్చాయి.) గవ్వ రెండు వైపులా సమానంగా పడితే 16 దారులు. రెండు వెల్లకిలా పడడానికి ఆరు, ఒకటికి నాలుగు, మూడుకి నాలుగు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. వీటికి ఒక్కొక్క దారే. ఇంకో పందెం ఇచ్చేది సరిగ్గా ఈ రెండిటికే. నిజం గవ్వలు అంత సమానంగా పడవు, అందుకే మీ గవ్వల్ని ఓ వందసార్లు వేసి రాసుకోండి.

నా గేమ్‌లో ఇప్పుడు నిధి 9 దగ్గర ఉంది, నాలుగు దారులు. 12 పడితే ఇంకో పందెం. మొన్న చిన్నవాడు 9 కోసం అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు తలుపు కొట్టారు.