జేబు కొడితే జైలు, లెక్కలు కొడితే నోటీసు

కార్పొరేట్ నేరగాళ్లకు శిక్ష ఎందుకు తక్కువ పడుతుంది అని అడిగితే, డబ్బున్నవాళ్లు పెద్ద లాయర్లను పెట్టుకుంటారు, జడ్జీలు మెత్తబడతారు అనే జవాబు తరచుగా వస్తుంది. ఈ జవాబు తప్పని నేననను, కానీ చాలదంటాను. జడ్జి ముందుకు ఫైలు రావడానికి చాలా ముందే అసలు తీర్పు అయిపోతుంది. ఎవరి మీద నిఘా ఉండాలి, జరిగినదాన్ని నేరమనాలా ఉల్లంఘన అనాలా, కేసు నడిచినన్నాళ్లు ఎవరు బయట ఉండాలి అనే మూడు చోట్ల ఆ తీర్పు జరుగుతుంది. ఈ మూడూ పైకి కులం, వర్గం చూడని నియమాల్లాగే కనిపిస్తాయి. ఫలితం మాత్రం ఎప్పుడూ ఒకే వైపు మొగ్గుతుంది.

దీన్ని మన హైదరాబాద్ కేసుతోనే చూద్దాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు ఒక లేఖ రాశారు. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. మిగతా తప్పుడు లెక్కలతో కలిపితే అంకె ఏడు వేల కోట్లు దాటింది. పద్ధతి మరీ సంక్లిష్టమైనదేమీ కాదు. చేయని పనికి బిల్లులు సృష్టించారు. ఆ బిల్లులకు డబ్బు వచ్చినట్టు రాసుకున్నారు. ఆ డబ్బు బ్యాంకులో ఉన్నట్టు దొంగ స్టేట్‌మెంట్లు, దొంగ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు తయారుచేశారు. లాభం పెరిగినట్టు కనిపించింది, షేరు ధర పెరిగింది, ప్రమోటర్లు తమ షేర్లను అమ్ముకున్నారు, తాకట్టు పెట్టారు. లేఖ బయటికొచ్చిన రోజున షేరు తన విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా పోగొట్టుకుంది. యాభై వేలకు పైగా ఉద్యోగులు వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియని స్థితిలో పడ్డారు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఈ నేరాన్ని ఎవరు పట్టుకున్నారు? ఎవరూ పట్టుకోలేదు. ఏళ్ల తరబడి ఒక అంతర్జాతీయ ఆడిట్ సంస్థ ఆ లెక్కల మీద సంతకాలు పెట్టింది. స్వతంత్ర డైరెక్టర్లు బోర్డులో కూర్చున్నారు. ఒప్పుకోలుకు నాలుగు నెలల ముందు, 2008 సెప్టెంబర్‌లో, కార్పొరేట్ పాలన బాగుందంటూ ఆ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి, వచ్చిన జవాబును కంపెనీ చూపిన అంకెతో పోల్చి ఉంటే చాలు, అబద్ధం బయటపడేది. చివరికి నేరస్తుడే చెప్పాడు కాబట్టి దేశానికి తెలిసింది. ఆయన చెప్పకపోయి ఉంటే? అలా చెప్పని చైర్మన్లు ఎందరున్నారో ఏ గణాంకాల పుస్తకంలోనూ దొరకదు.

వీధి మీద కథ పూర్తిగా వేరు. అక్కడ నేరం జరగకముందే నిందితుడు సిద్ధంగా ఉంటాడు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా నమోదు చేసింది. మన దగ్గర ఎరుకలవాళ్లను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించింది. 1952లో ఆ చట్టం రద్దయింది కానీ, దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు తెచ్చుకున్నాయి. ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసు జీపు ముందు ఏ పేట వైపు తిరుగుతుందో అందరికీ తెలుసు. కంపెనీల వ్యవహారంలో ఇలాంటి జీపు లేదు. బోర్డు రూముల మీద అనుమానపు చూపు ఎందుకు పడదో తెలియాలంటే అక్కడ ఎవరు కూర్చున్నారో చూడాలి. 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక అధ్యయనం దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులను పరిశీలించింది. సభ్యుల్లో నూటికి 93 మంది దాకా అగ్రకులాలవాళ్లే అని తేల్చింది. చూసేవాళ్లూ, చూడబడేవాళ్లూ ఒకే కాలేజీల నుంచి, ఒకే బంధువర్గాల నుంచి వచ్చినప్పుడు అనుమానానికి బదులు మర్యాద పుడుతుంది.

రెండో ప్రశ్న: బయటపడిన తర్వాత దానికి ఏ పేరు పెట్టాలి? 1939లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ వైట్ కాలర్ నేరం అనే మాటను ప్రవేశపెట్టినప్పుడు చెప్పిన ముఖ్యమైన సంగతి ఇదే. పెద్ద కంపెనీలు చట్టాన్ని మీరినప్పుడు వాటిని క్రిమినల్ కోర్టుకు కాకుండా కమిషన్ల ముందుకు, ట్రిబ్యునళ్ల ముందుకు పంపుతారు. అక్కడ అరెస్టుకు బదులు హెచ్చరిక, జైలుకు బదులు జరిమానా ఉంటుంది. పోలీసు లెక్కల్లోకి రాదు కాబట్టి అది నేరంగా కనిపించదు. అందుకే నేరానికి పేదరికమే కారణమని చెప్పే సిద్ధాంతాలన్నీ సగం లెక్క మీద కట్టినవి అన్నాడాయన. పదేళ్ల తర్వాత ఆయన పుస్తకం వచ్చినప్పుడు ప్రచురణకర్తలు కంపెనీల పేర్లు తీసేయించారు. పేర్లతో సహా పూర్తి పుస్తకం రావడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. జేబుదొంగ ఫొటో పోలీస్ స్టేషన్ గోడ మీదికి ఎక్కడానికి మాత్రం అన్నాళ్లు పట్టదు.

మన చట్టంలోనూ ఇదే దారి కనిపిస్తుంది. సత్యం అనుభవం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం 447 సెక్షన్ కింద మోసానికి పదేళ్ల దాకా శిక్ష పెట్టింది. కాగితం మీద ఇది కఠినమైన చట్టమే. బెయిల్ షరతులు కూడా గట్టివే. కానీ ఈ సెక్షన్ కింద కోర్టు కేసు స్వీకరించాలంటే తీవ్ర మోసాల దర్యాప్తు సంస్థ డైరెక్టరో, కేంద్ర ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మోసపోయిన చిన్న మదుపరి వెళ్లి తడితే ఆ తలుపు తెరుచుకోదు. దొంగతనం కేసుకు తాళంచెవి హెడ్ కానిస్టేబుల్ చేతిలో ఉంది, కంపెనీ మోసానికి తాళంచెవి ఢిల్లీలో ఉంది. ఇది చాలదన్నట్టు 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి 42 చట్టాల్లోని 183 నిబంధనలను సవరించారు. చాలాచోట్ల జైలు తీసేసి పెనాల్టీ పెట్టారు. అందులో ఔషధాల చట్టం 27(డి) సెక్షన్ కూడా ఉంది. నాణ్యత లేని మందుల వంటి తప్పులకు వర్తించే ఈ సెక్షన్‌లో ఇప్పుడు డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు కల్పించారు. వ్యాపారం సులువు కావాలన్నది వాళ్ల వాదన. ఆ మందు మింగే రోగి సంగతి ఆ వాదనలో ఎక్కడుందో నాకు కనబడలేదు.

మూడో ప్రశ్న కాలానికీ బెయిల్‌కూ సంబంధించినది. సత్యం కేసులో ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. రామలింగరాజు అరెస్టయ్యారు, రెండున్నరేళ్లకు పైగా కస్టడీలో ఉన్నారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు ఆయనతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష వేసింది. మన దేశంలో ఇది అరుదైన సంగతే. కానీ ఆ ఏడేళ్లను మరో అంకె పక్కన పెట్టి చూడండి. అప్పటి శిక్షాస్మృతిలో 420 సెక్షన్ కింద మోసానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. 380 సెక్షన్ కింద ఒకరి ఇంట్లోంచి ఇత్తడి బిందె ఎత్తుకుపోయినా గరిష్ఠ శిక్ష ఏడేళ్లే. ఏడు వేల కోట్లూ, ఒక బిందే ఆ పుస్తకంలో ఒకే గీత మీద నిలబడ్డాయి.

తర్వాత ఏమైంది? తీర్పు వచ్చిన నెల రోజులకే, మే 11న, సెషన్స్ కోర్టు శిక్షను నిలిపివేసి అందరికీ బెయిల్ ఇచ్చింది. రాజుకు అడిగిన పూచీకత్తు లక్ష రూపాయలు. సెబీ 2014లో 1,849 కోట్లు వెనక్కి కట్టమంది, ఆ మొత్తం అప్పీళ్లలో మారుతూ వచ్చింది. ఆడిట్ సంస్థను రెండేళ్లపాటు లిస్టెడ్ కంపెనీల ఆడిట్‌కు దూరంగా ఉంచుతూ సెబీ 2018లో ఉత్తర్వు ఇస్తే, మరుసటి ఏడాది అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది.

దీని పక్కన 1978 నాటి మోతీరామ్ కేసు పెట్టండి. ఆయన తాపీ పనివాడు. విడుదల చేయమని సుప్రీంకోర్టే చెప్పింది. అయినా కింది మేజిస్ట్రేట్ పదివేల రూపాయల పూచీకత్తు అడిగారు. ఆయన సోదరుడు పూచీ ఇస్తానని వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టి పూచీకత్తును వెయ్యి రూపాయల సొంత బాండుకు తగ్గించాల్సి వచ్చింది. 1978లో తాపీ మేస్త్రికి పదివేలు, 2015లో ఏడు వేల కోట్ల కేసులో దోషిగా తేలినవారికి లక్ష. ఇద్దరికీ ఒకే బెయిల్ చట్టం. అది కొలిచేది మాత్రం నేరాన్ని కాదు, పాస్‌బుక్‌ను. ఇవాళ మన జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. జనాభాలో నాలుగో వంతు ఉన్న దళితులు, ఆదివాసీలు జైళ్లలో మూడో వంతుకు దగ్గరగా ఉన్నారు.

ఆర్థిక నేరాలు సంక్లిష్టమైనవి, నిరూపించడం కష్టం అంటారు. కొంత నిజమే. సత్యం కేసులో వేల పేజీల పత్రాలు, రెండు వందలకు పైగా సాక్షులు ఉన్నారు. కానీ కష్టమైన పనికి ఎక్కువ మనుషులను పెట్టాలి, తక్కువ కాదు. వీధి నేరంలో హింస ఉంది, ఇందులో లేదు అని కూడా అంటారు. బిందె ఎత్తుకుపోయినవాడు ఎవరిని కొట్టాడు? రిటైర్మెంట్ డబ్బంతా షేర్లలో పెట్టి పోగొట్టుకున్న కుటుంబానికి తగిలింది హింస కాకపోతే మరేమిటి?

మనువు ధర్మశాస్త్రం చంపదగ్గ నేరం చేసిన బ్రాహ్మణుడికి గుండు గీయించడం చాలంది, మిగతా వర్ణాలకు మరణశిక్ష వేసింది. రాజ్యాంగం 14వ అధికరణంతో ఆ నిచ్చెనను రాతలో నుంచి తీసేసింది. కానీ నిచ్చెన ఇప్పుడు శిక్షలో కాదు, విధానంలో ఉంది. ఒకరికి సమన్లు, ఒకరికి సంకెళ్లు.

నేను అడిగేది చైర్మన్లను కూడా బెయిల్ లేకుండా కుక్కమని కాదు. బెయిల్, వేగంగా అప్పీలు, మంచి లాయరు అందరికీ ఉండాల్సినవే. సత్యం నిందితులకు దక్కిన ఆ మర్యాద బిందె దొంగకూ దక్కాలి. బిందె దొంగ మీద ఉన్న నిఘా బోర్డు రూము మీదా ఉండాలి. మోసపోయినవాడు 447 కింద నేరుగా కోర్టుకు వెళ్లే దారి తెరవాలి. సెబీ, కంపెనీల శాఖ ఏటా తేల్చే ఉల్లంఘనలను దేశ నేర గణాంకాల్లోనే, దొంగతనాల పక్కనే అచ్చువేయాలి. క్రిమినాలజీ చదివే విద్యార్థులారా, ఇక మీదట నేరాల రేటు అనే పట్టిక చూసినప్పుడు అందులో ఎవరు లేరో ముందు లెక్కపెట్టండి.